నోటరీ కాగితంతో దత్తత పూర్తయినట్టేనా? పాప బర్త్ సర్టిఫికెట్‌లో మా పేర్లు రావాలంటే?

ప్రశ్న: మా పెళ్లయి పన్నెండేళ్లయింది, పిల్లల్లేరు. మా మరిదికి ఇద్దరు ఆడపిల్లలు. రెండో పాపను, ఏడాది నిండిన రోజున, కరీంనగర్‌లో మా అత్తగారింట్లో పెద్దలందరి ముందు మాకు దత్తత ఇచ్చారు. 100 రూపాయల స్టాంపు పేపర్ మీద రాసుకుని నోటరీ చేయించాం. కాన్పు ఖర్చులు మేమే పెట్టుకున్నామని కూడా అందులో రాశారు. పాప 2023 నవంబరులో కరీంనగర్‌లోనే పుట్టింది. బర్త్ సర్టిఫికెట్‌లో మరిది, తోడికోడలి పేర్లే ఉన్నాయి. ఇప్పుడు ఉప్పల్‌లో నర్సరీలో చేర్పిద్దామంటే స్కూల్లో మా పేర్లతో సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. మున్సిపల్ ఆఫీసులో అడిగితే కోర్టు ఆర్డర్ ఉండాలన్నారు. ఒక ఏజెంటేమో పాప హైదరాబాద్‌లోనే పుట్టినట్టు కొత్త సర్టిఫికెట్ తీయిస్తానంటున్నాడు. మరిది దుబాయ్‌లో పనిచేస్తాడు, వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు. మేం ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, ఉప్పల్

సమాధానం: ముందుగా ఆ ఏజెంట్‌కు వద్దని చెప్పేయండి. పాప పుట్టుక కరీంనగర్‌లో ఒకసారి నమోదైపోయింది. ఏడాది దాటిన పుట్టుకను కొత్తగా నమోదు చేయించాలంటే మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ఆర్డర్ కావాలి. ఆ ఆర్డర్ కోసం పాప మీ కడుపునే పుట్టిందనీ, అదీ హైదరాబాద్‌లో పుట్టిందనీ మీ చేత అబద్ధపు అఫిడవిట్ పెట్టిస్తారు. అలా ఒకే బిడ్డకు రెండు పుట్టుక రికార్డులు తయారవుతాయి. ఇది నేరమన్నది ఒక సంగతి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. పాప మీకే పుట్టిందని ఆ సర్టిఫికెట్ చెబుతున్నప్పుడు దత్తత జరిగిన ఊసే ఎక్కడా ఉండదు. రేపు ఆస్తి దగ్గరో, పాస్‌పోర్ట్ దగ్గరో ఎవరైనా కరీంనగర్ రికార్డు బయటికి తీస్తే మీ సర్టిఫికెట్ చెల్లదు, చూపించుకోవడానికి దత్తత కాగితమూ ఉండదు. ఉన్న నిజమే మీకు బలంగా ఉన్నప్పుడు దాన్ని పోగొట్టుకోవద్దు.

ఆ నిజం ఏమిటంటే, మీ దత్తత బహుశా ఇప్పటికే జరిగిపోయింది. మీరు హిందువులైతే, బంధువుల మధ్య నేరుగా ఇచ్చిపుచ్చుకున్న దత్తతకు 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం దృష్టిలో దత్తతకు ప్రాణం కాగితం కాదు. కన్నవాళ్లు ఇవ్వాలనే ఉద్దేశంతో బిడ్డను ఇవ్వడం, మీరు ఆ ఉద్దేశంతోనే తీసుకోవడం. దత్త హోమం చేయకపోయినా దత్తత చెల్లుతుంది. మీ అత్తగారింట్లో ఆ రోజు పాపను మీ ఒళ్లో పెట్టింది మరిది, తోడికోడలు ఇద్దరూ కలిసే అయితే ముఖ్యమైన పని అయిపోయింది. ఆ రోజు ఫొటోలు, వీడియోలు ఉంటే ఫోన్‌లోనే వదిలేయకుండా తేదీ కనిపించేలా ఒక కాపీ విడిగా దాచండి.

అయితే ఇవ్వడం, తీసుకోవడంతో పాటు కొన్ని షరతులు కూడా కుదరాలి. ఆడపిల్లను దత్తత తీసుకునేవాళ్లకు అప్పటికే కూతురు గానీ, కొడుకు కూతురు గానీ ఉండకూడదు. మీకు పిల్లలే లేరు కాబట్టి ఇబ్బంది లేదు. పాపకు పదిహేనేళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు, అంతకుముందు ఇంకెవరికీ దత్తత వెళ్లి ఉండకూడదు. దత్తత తీసుకునే తండ్రికీ ఆడపిల్లకూ కనీసం ఇరవై ఒక్కేళ్ల తేడా ఉండాలి. మీ పెళ్లయి పన్నెండేళ్లంటున్నారు కాబట్టి ఈ లెక్క మీవారికి సరిపోతుంది. కన్న తల్లిదండ్రుల్లో ఎవరు ఇచ్చినా రెండోవారి అంగీకారం ఉండాలి. అలాగే మీవారు తీసుకోవడానికి మీ అంగీకారం ఉండాలి. ఇవన్నీ మీ విషయంలో కుదురుతున్నాయి.

మరి నోటరీ కాగితంలో ఏం తక్కువైంది? నోటరీ చేసే పని, ఫలానా వ్యక్తి తన ముందు సంతకం పెట్టాడని ధ్రువీకరించడం. ఆ కాగితం రేపు సాక్ష్యంగా పనికొస్తుంది, పారేయకండి. కానీ చట్టంలోని 16వ సెక్షన్ ఇచ్చే బలం దానికి లేదు. దత్తత జరిగినట్టు రాసిన పత్రం రిజిస్టరై ఉండి, దాని మీద బిడ్డను ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ సంతకాలు చేసి ఉంటే, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు ముందుగానే భావించాలని ఆ సెక్షన్ చెబుతుంది. కాదనేవాళ్లే అది తప్పని నిరూపించుకోవాలి. నోటరీ కాగితమైతే రుజువు చేసుకోవాల్సిన భారం మీ మీదే పడుతుంది. మున్సిపల్ ఆఫీసువాళ్లు మీ కాగితం చూసి కోర్టు ఆర్డర్ అడగడానికి చాలావరకు కారణం ఇదే. కాబట్టి మీరు ఇప్పుడు చేయాల్సింది రిజిస్టర్డ్ దత్తత పత్రం రాయించుకోవడం.

మీ మరిది సెలవు మీద వస్తున్నాడు కాబట్టి ఈ పని ఆయన ఇక్కడ ఉండగానే పూర్తి చేయండి. ఆయన రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. బిడ్డను దత్తత ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం కన్న తల్లిదండ్రులదే, దాన్ని ఇంకొకరి చేతికి అప్పగించడానికి లేదు. పైగా 16వ సెక్షన్ అండ అంతా సంతకాల మీదే ఉంది. నలుగురూ, ఇద్దరు సాక్షులూ ఒకే రోజు సబ్ రిజిస్ట్రార్ ముందు కూర్చుంటే తర్వాత ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇలాంటి పత్రాల్లో నేను తరచుగా చూసే లోపం ఒకటుంది. కన్నవాళ్లు రాసిచ్చినట్టుగా వాళ్ల సంతకాలే ఉంటాయి, తీసుకున్నవాళ్ల సంతకం ఉండదు. ఇల్లు అమ్మిన దస్తావేజు నమూనానే చూసి డాక్యుమెంట్ రైటర్లు అలా తయారు చేస్తుంటారు. రిజిస్ట్రేషన్ కూడా అయిపోతుంది. కానీ 16వ సెక్షన్ ఇచ్చినవారూ తీసుకున్నవారూ సంతకం చేయాలంటోంది కాబట్టి అది లేని పత్రానికి ఆ సెక్షన్ అండ దొరకదు. డ్రాఫ్ట్ చేతికి రాగానే చివరి పేజీ చూడండి. మీ ఇద్దరికీ, వాళ్లిద్దరికీ సంతకాల చోటు ఉందా లేదా అన్నది మొదట తేల్చుకోండి.

ఇక పత్రంలో ఏం రాయాలి? నలుగురి పేర్లు, వయసులు, చిరునామాలు, బంధుత్వం. పాప పేరు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు, ఇప్పుడున్న బర్త్ సర్టిఫికెట్ రిజిస్ట్రేషన్ నంబరు. ఈ నంబరు తప్పకుండా రాయించండి, మున్సిపల్ ఆఫీసులో పాత ఎంట్రీని పట్టుకునేది దాంతోనే. నేను పైన చెప్పిన షరతులన్నీ నెరవేరాయని ఒక్కొక్కటీ విడిగా రాయాలి. అసలు దత్తత జరిగిన వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: “పై తేదీన, పైన చెప్పిన ఇంట్లో, పెద్దల సమక్షంలో, ఒకటవ పార్టీవారమైన మేమిద్దరం పరస్పర అంగీకారంతో మా రెండవ కుమార్తెను దత్తత ఇవ్వగా, రెండవ పార్టీవారైన భార్యాభర్తలిద్దరూ దత్తపుత్రికగా స్వీకరించినారు. ఇందుకు ఎవరి నుండీ ఎవరికీ ఎటువంటి ప్రతిఫలం ముట్టలేదు.” ఇక్కడ వాడిన క్రియ జరిగిపోయిన పనిని చెబుతోంది చూడండి. దత్తత పాప మొదటి పుట్టినరోజున జరిగింది. ఈ పత్రం దాన్ని రికార్డు చేస్తోంది, అంతే. కొంతమంది రైటర్లు “ఈ రోజు దత్తత ఇస్తున్నాము” అని రాసేస్తారు. అలా రాస్తే నోటరీ కాగితంలో ఒక తేదీ, రిజిస్టర్డ్ పత్రంలో ఇంకో తేదీ వచ్చి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పాప మీ కూతురయ్యేది దత్తత జరిగిన తేదీ నుంచే కాబట్టి ఆ తేదీ రెండింటిలోనూ ఒకటే ఉండాలి.

ప్రతిఫలం మాట వచ్చింది కాబట్టి ఆ కాన్పు ఖర్చుల సంగతి. దత్తత కోసం డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ ఈ చట్టంలో శిక్ష పడే పనులే. ఆరు నెలల వరకు జైలు ఉండొచ్చు. అన్నదమ్ముల మధ్య ఆసుపత్రి బిల్లు ఒకరు కట్టడం దత్తతకు ధర కాదు, మన ఇళ్లలో రోజూ జరిగేదే. కానీ దాన్ని దత్తత కాగితంలో ఇరికించడం వల్ల, బిల్లు కట్టినందుకే పాపను ఇచ్చారేమోనన్న అర్థం లాగడానికి వీలు దొరికింది. నోటరీ కాగితాన్ని దాచేయమని నేను చెప్పను. ఆ ఖర్చు పెట్టినప్పుడు దత్తత షరతు ఏదీ లేకపోతే, కుటుంబ సాయంగా పెట్టామనీ, దత్తతకు దానికీ సంబంధం లేదనీ కొత్త పత్రంలో ఒక్క వాక్యం రాయించండి. ఈ వాక్యాన్ని మాత్రం డాక్యుమెంట్ రైటర్‌తో కాకుండా లాయర్‌తో రాయించండి.

సంతకాల రోజుకు ముందు పత్రం మొత్తాన్ని మీ తోడికోడలికి చదివి వినిపించాలని నా గట్టి కోరిక. చట్టప్రకారం జరిగిన దత్తతను తర్వాత ఎవరూ రద్దు చేసుకోలేరు. కన్నవాళ్లు వెనక్కి తీసుకోలేరు, మీరు తిరిగి ఇచ్చేయలేరు. రేపు మీకే బిడ్డ పుట్టినా పాప మీ కూతురే. ఈ మాట తెలిసి సంతకం పెట్టిన తల్లికీ, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారని పెట్టిన తల్లికీ చాలా తేడా ఉంటుంది. ఆవిడకు సందేహాలుంటే అడగనివ్వండి, టైమ్ ఇవ్వండి.

రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించాలన్నది మీ వీలు. ఇది భూమి పత్రం కాదు కాబట్టి రాసుకున్న చోటే కాకుండా, అందరూ ఒప్పుకుంటే రాష్ట్రంలో ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనైనా రిజిస్టర్ చేయించొచ్చు. ఉప్పల్ అయినా సరే, కరీంనగర్ అయినా సరే. సంతకాలు చేసిన నాలుగు నెలల్లోపు పత్రాన్ని ఆఫీసులో దాఖలు చేయాలి. నలుగురి ఆధార్‌లు, ఫొటోలు, పాప బర్త్ సర్టిఫికెట్, సాక్షుల గుర్తింపు కార్డులు తీసుకెళ్లండి. స్టాంపు డ్యూటీ, ఫీజు ఎంతో అదే ఆఫీసులో ముందు రోజు కనుక్కోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. ఒరిజినల్‌ను ఏ ఆఫీసులోనూ వదిలిపెట్టొద్దు.

ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్. మీరు ఉప్పల్‌లో ఉన్నా ఈ పని ఉప్పల్‌లో జరగదు. పుట్టుక ఏ రిజిస్ట్రార్ దగ్గర నమోదైందో మార్పు చేయాల్సింది కూడా ఆయనే. పాప కరీంనగర్‌లో పుట్టింది కాబట్టి దరఖాస్తు కరీంనగర్ మున్సిపల్ కార్పొరేషన్‌లోని జనన మరణాల విభాగానికి వెళ్లాలి. మీరు ఇంతకుముందు అడిగిన ఆఫీసు ఉప్పల్‌లోది అయితే వాళ్లు ఏ కాగితం చూపించినా చేయలేరు. (పల్లెల్లో పుట్టిన పిల్లలకైతే సాధారణంగా పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్లాలి.) దరఖాస్తుతో పాటు దత్తత పత్రం సర్టిఫైడ్ కాపీ, పాత బర్త్ సర్టిఫికెట్, నలుగురి ఆధార్‌లు, నలుగురూ కలిసి ఇచ్చే ఒక అఫిడవిట్ పెట్టండి. ఈ అఫిడవిట్ కూడా మరిది ఇక్కడ ఉన్నప్పుడే చేయించేయండి, లేకపోతే దాని కోసం మళ్లీ ఆయన సెలవు దాకా ఆగాలి. దరఖాస్తులో మీరు కోరేది ఒక్కటే: దత్తత కారణంగా తల్లి, తండ్రి పేర్లు మార్చి కొత్త సర్టిఫికెట్ ఇవ్వండి. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు మారవు, మార్చమని అడగొద్దు కూడా.

లోపల జరిగేది ఇది. రిజిస్టర్‌లో మొదట రాసిన ఎంట్రీని చెరపరు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పాత ఎంట్రీని అలాగే ఉంచి, పక్కన మార్జిన్‌లో మార్పు రాసి, రిజిస్ట్రార్ తేదీతో సంతకం చేస్తారు. కాబట్టి ఎప్పుడైనా అసలు రికార్డు తీస్తే కన్నవాళ్ల పేర్లు అక్కడ కనిపిస్తాయి. ఇది తెలిసి కొందరు టెన్షన్ పడతారు. పడాల్సిన పనేమీ లేదు. స్కూలుకూ పాస్‌పోర్ట్‌కూ మీరు చూపించేది కొత్త సర్టిఫికెట్. అది చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి మీ ఇద్దరి పేర్ల స్పెల్లింగ్ మీ ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూడండి. తప్పుంటే అప్పుడే చెప్పడం సులువు.

రిజిస్టర్డ్ పత్రం చూపించాక కూడా కోర్టు ఆర్డర్ కావాలంటే ఏం చేయాలి? వాదన పెట్టుకోకుండా దరఖాస్తును రసీదు తీసుకుని ఇచ్చేయండి. అందులోనే “16వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ దత్తత పత్రం ఉన్నందున” అన్న మాట రాయండి. రిజిస్టర్డ్ పత్రం ఉండి, దాన్ని ఎవరూ సవాలు చేయనప్పుడు రిజిస్ట్రార్ కోర్టు డిక్రీ కోసం పట్టుబట్టకూడదని హైకోర్టులు చెప్పిన తీర్పులున్నాయి. అయినా కాదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగండి. నోటిమాట మీద అప్పీలుకు వెళ్లలేం. రాతపూర్వకంగా తిరస్కరిస్తే ముప్పై రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు. 2023లో జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణతో ఈ అవకాశం వచ్చింది. అప్పీలును తొంభై రోజుల్లో తేల్చాలి. రాసివ్వమని మర్యాదగా, గట్టిగా అడిగిన దగ్గరే చాలా దరఖాస్తులు ముందుకు కదులుతాయి.

అదే 2023 సవరణ మీ పాప విషయంలో ఇంకోరకంగా కూడా ముఖ్యం. అది 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు స్కూల్ అడ్మిషన్, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పెళ్లి రిజిస్ట్రేషన్ లాంటి వాటన్నిటికీ పుట్టిన తేదీ, చోటు రుజువుగా చెల్లేది బర్త్ సర్టిఫికెట్టే. మీ పాప నవంబరులో పుట్టింది కాబట్టి సరిగ్గా ఇందులోకే వస్తుంది. తనకంటే ముందు పుట్టిన పిల్లల్లా వేరే కాగితాలతో నెట్టుకురావడం కుదరదు. అందుకే ఈ సర్టిఫికెట్‌ను తర్వాత చూద్దాంలే అని వదలొద్దు.

అడ్మిషన్ గడువు ముందే వచ్చేస్తే స్కూల్లో అబద్ధం చెప్పకండి. పాత సర్టిఫికెట్, రిజిస్టర్డ్ దత్తత పత్రం రెండూ ఇచ్చి, తల్లిదండ్రులుగా మీ పేర్లు రాయమనండి. కొత్త సర్టిఫికెట్ రాగానే తెచ్చిస్తామని ఒక లెటర్ పెట్టండి. కన్నవాళ్ల పేర్లతో తాత్కాలికంగా చేర్పించి తర్వాత మార్చుకుందాం అనుకోవద్దు. స్కూల్ రిజిస్టర్‌లో పడిన పేర్లే పదో తరగతి మెమో దాకా వెళ్తాయి, అక్కడ మార్పించుకోవడం ఇప్పటి పని కంటే చాలా కష్టం.

కొత్త సర్టిఫికెట్ వచ్చాక దాంతోనే పాప ఆధార్‌లో మీ పేర్లు, ఉప్పల్ చిరునామా మార్పించండి. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప ఇవ్వడానికి ఎలాగూ వెళ్లాలి కాబట్టి ఈలోపు ఇది అయిపోతే మంచిది. మరిది వాళ్ల రేషన్ కార్డులో పాప పేరుంటే అక్కడ తీయించాకే మీ కార్డులో చేర్పించండి.

ఇది చదివి మా ఇంట్లోనూ ఇలాగే చేసేద్దాం అనుకునే పాఠకులకు ఒక హెచ్చరిక. నేను పైన చెప్పిన దారి పనిచేస్తున్నది, ఇచ్చింది కన్న తల్లిదండ్రులు, ఇచ్చింది సొంతవాళ్లకు కాబట్టి. కన్నవాళ్లిద్దరూ లేక మేనమామో తాతో ఇవ్వాల్సి వస్తే ముందుగా కోర్టు అనుమతి తప్పదు. ఇంట్లో ఇప్పటికే కూతురుండి ఇంకో ఆడపిల్లను తీసుకోవాలన్నా, హిందువులు కానివారు బంధువుల బిడ్డను తీసుకోవాలన్నా జువెనైల్ జస్టిస్ చట్టం కింద వెళ్లాలి. దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వారి పోర్టల్‌లో నమోదు చేసుకుంటే జిల్లా బాలల సంరక్షణ విభాగం విచారణ చేస్తుంది, జిల్లా మేజిస్ట్రేట్ దత్తత ఆర్డర్ ఇస్తారు. 2022 సెప్టెంబరు 1కి ముందు ఈ ఆర్డర్ కోర్టులు ఇచ్చేవి. ఇక ఆసుపత్రి దగ్గరో, మధ్యవర్తి ద్వారానో ముక్కూమొహం తెలియని బిడ్డను తెచ్చుకుని దత్తత పత్రం రాయించుకుంటే అది దత్తత కాదు. డబ్బు చేతులు మారితే పిల్లల అమ్మకం కేసవుతుంది.

మీ ఇద్దరిలో ఎవరికైనా విదేశాలకు వెళ్లి స్థిరపడే ఆలోచన ఉంటే ఇప్పుడే లాయర్‌తో చెప్పండి. విదేశంలో ఉండేవాళ్లు హిందూ దత్తత చట్టం కింద తీసుకున్న బిడ్డను వెంట తీసుకెళ్లాలంటే దత్తత పత్రం ఒక్కటే చాలదు, కారా నిరభ్యంతర పత్రం కూడా కావాలి.